ఆ ఏడు సీట్లు ఎందుకు కనిపించలేదు?

తెలంగాణ శాసనసభలో స్థానాలు 119. 2014, 2018, 2023 సంవత్సరాల్లో జరిగిన మూడు ఎన్నికల్లోనూ మజ్లిస్ పార్టీ గెలిచినవి ఏడే ఏడు. చుట్టూ ఉన్న పార్టీలన్నీ తలకిందులయ్యాయి. టీఆర్ఎస్ 63 నుంచి 88కి ఎగబాకి, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్నాక 39కి పడిపోయింది. కాంగ్రెస్ 21, 19, 64. తెలుగుదేశం 15, 2, ఆ తర్వాత బరిలోనే లేదు. బీజేపీ 5, 1, 8. ఇంత కదలిక మధ్యలో ఒక్క పార్టీ మాత్రం ఉన్నచోటే ఉంది. ఎన్నికల సమాచారాన్ని బొమ్మగా గీసేవారికి ఇంతకంటే చెప్పదగ్గ విషయం అరుదుగా దొరుకుతుంది.

కానీ ఈ మూడు ఎన్నికలనూ పత్రికల్లో తరచూ గీసే పద్ధతిలో గీయండి. ఒక్కో ఎన్నికకు ఒక్కో నిలువు కమ్మీ నిలిపి, ఆ కమ్మీలో పార్టీలను ఒకదాని మీద ఒకటి రంగు ముక్కలుగా పేర్చండి. అడుగున టీఆర్ఎస్, దాని మీద కాంగ్రెస్, ఆపైన మజ్లిస్. 2014 కమ్మీలో మజ్లిస్ ముక్క 84 దగ్గర మొదలై 91 దగ్గర ముగుస్తుంది. 2018లో 107 నుంచి 114 దాకా ఉంటుంది. 2023లో 103 నుంచి 110 దాకా. మూడు ముక్కల పొడవూ ఒకటే. అయినా పైకి ఎగిరి, కాస్త కిందికి దిగిన ముక్కలే కంటికి కనిపిస్తాయి తప్ప, మారని ఏడు కనిపించదు. అదే బొమ్మలో కాంగ్రెస్ ముక్కను చూస్తే ఇంకా ఘోరం. 2014లో దాని పైఅంచు 84 దగ్గర ఉంది, 2018లో 107 దగ్గర ఉంది. తొందరగా చూసిన పాఠకుడు కాంగ్రెస్ బాగా పెరిగిందనుకుంటాడు. నిజానికి అది రెండు సీట్లు పోగొట్టుకుంది. పెరిగింది దాని కింద ఉన్న టీఆర్ఎస్.

ఇప్పుడు అవే అంకెలను ముక్కలుగా పేర్చకుండా, పార్టీకి మూడు చొప్పున విడి కమ్మీలుగా నేల మీదే పక్కపక్కన నిలపండి. మజ్లిస్ దగ్గర మూడు పొట్టి కమ్మీలు ఒకే ఎత్తులో నిలబడతాయి. ఎవరూ చెప్పనక్కర్లేదు. కాంగ్రెస్ దగ్గర రెండు చిన్నవి, పక్కన ఒక పొడవాటిది. 21 కంటే 19 కాస్త తక్కువన్న సంగతి కూడా తెలిసిపోతుంది.

బళ్లో కమ్మీ రేఖాచిత్రం పేరుతో, బయట బార్ గ్రాఫ్ పేరుతో మనకు తెలిసిన బొమ్మకు ఇవి రెండు రూపాలు. మొదటిది స్టాక్డ్ బార్, అంటే దొంతర కమ్మీ. రెండోది గ్రూప్డ్ బార్, అంటే జట్టు కమ్మీలు. ఒక మొత్తంలోని భాగాలను ఒకటికి మించిన సందర్భాల్లో చూపాల్సి వచ్చినప్పుడు చాలామంది రెండో ఆలోచన లేకుండా దొంతరకు పోతారు. భాగాలు కలిస్తే మొత్తం వస్తుంది కాబట్టి, బొమ్మలో కూడా భాగాలు కలిసి మొత్తంగా నిలబడాలన్నది వారి తర్కం. వినడానికి సబబుగానే ఉంది. కానీ సమాచారం ఎలాంటిదన్నదాన్ని బట్టి బొమ్మను ఎంచుకుంటే సరిపోదన్నది నా గట్టి అభిప్రాయం. చూసేవారి చేత ఏ పోలిక చేయించాలనుకుంటున్నామో దాన్ని బట్టి ఎంచుకోవాలి.

కన్ను ఎక్కడ తడబడుతుందో తెలిస్తే ఈ మాట స్పష్టమవుతుంది. ఇద్దరు పిల్లల్లో ఎవరు పొడుగో చూడాలంటే ఇద్దరినీ ఒకే నేల మీద నిలబెడతాం. ఒకర్ని నేల మీద, ఇంకొకర్ని మెట్టు మీద నిలబెట్టి చెప్పమంటే తలల ఎత్తు పనికిరాదు, ఒక్కొక్కరి పొడవునూ విడిగా మనసులో కొలుచుకోవాలి. దొంతర కమ్మీలో అడుగు ముక్క తప్ప మిగతావన్నీ మెట్ల మీద నిలబడ్డవే. పైగా ఆ మెట్టు ఎత్తు కమ్మీ కమ్మీకీ మారుతుంది.

ఈ తేడాను అంకెల్లో కొలిచినవారు విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్. ఇద్దరూ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన గణాంక శాస్త్రవేత్తలు. 1984లో అచ్చయిన వారి పరిశోధనలో ఒక ప్రయోగం సరిగ్గా మన ప్రశ్న మీదే జరిగింది. జట్టు కమ్మీలు కొన్ని, దొంతర కమ్మీలు కొన్ని గీశారు. ఒక్కో బొమ్మలో రెండు కమ్మీలకు గానీ, రెండు ముక్కలకు గానీ చుక్కలు పెట్టారు. ఈ రెంటిలో ఏది చిన్నది, అది పెద్దదానిలో ఎంత శాతం ఉంటుంది అని చూసేవారిని అడిగారు. స్కేలు పెట్టి కొలవకూడదు, కంటి అంచనాతోనే చెప్పాలి. ఒకే ఆధారరేఖ మీద నిలబడ్డవాటిని పోల్చినప్పుడు వచ్చిన పొరపాటుతో పోలిస్తే, గాలిలో తేలే ముక్కల పొడవులను పోల్చినప్పుడు వచ్చిన పొరపాటు 1.4 నుంచి 2.5 రెట్లు ఎక్కువగా తేలింది. పాతికేళ్ల తర్వాత, 2010లో జెఫ్రీ హీర్, మైకేల్ బోస్టాక్ ఇలాంటి ప్రయోగాలనే ఇంటర్నెట్ ద్వారా కొత్తవారితో చేయిస్తే అదే వరుసక్రమం వచ్చింది.

క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ ఇక్కడితో ఆగలేదు. దొంతరను మానేసి ప్రతి భాగాన్నీ ఒకే ఆధారరేఖ మీద చూపే పటాలు వాడమని సలహా ఇచ్చారు. అంతదూరం నేను వెళ్లలేను. వారు అడిగిన ప్రశ్న ఒక ముక్కకూ మరో ముక్కకూ మధ్య పోలిక గురించి. ఎన్నికల ఫలితాలు చూసే తెలుగు పాఠకుడికి అంతకు ముందే ఇంకో ప్రశ్న ఉంటుంది: ఎవరెవరు కలిస్తే సర్కారు నిలబడుతుంది?

ఆంధ్రప్రదేశ్ సంగతి తీసుకుందాం. శాసనసభలో 175 స్థానాలు, సగం దాటాలంటే 88 కావాలి. 2014లో తెలుగుదేశానికి 102, బీజేపీకి 4, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 67, ఇతరులకు 2. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151, తెలుగుదేశానికి 23, జనసేనకు 1. 2024లో తెలుగుదేశానికి 135, జనసేనకు 21, బీజేపీకి 8, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11. ఈ అంకెలను జట్టు కమ్మీలుగా గీస్తే 2024 దగ్గర 135, 21, 8 అని మూడు విడి కమ్మీలు నిలబడతాయి. కూటమి బలం 164 అని తెలియాలంటే పాఠకుడు మనసులో కూడుకోవాలి. కమ్మీల పొడవులను కంటితో కూడటం దాదాపు అసాధ్యం. దొంతరలో ఆ కూడిక బొమ్మే చేసిపెడుతుంది. మూడు ముక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి, 88 దగ్గర అడ్డంగా ఒక గీత గీస్తే, గీత దాటి ఎంత దూరం పోయిందో చూడగానే తెలుస్తుంది.

అయితే దీనికొక షరతు ఉంది, అది చాలా బొమ్మల్లో తప్పిపోతుంది. కూడి చూపాలనుకున్న ముక్కలు పక్కపక్కనే ఉండాలి, అవి అడుగు నుంచే మొదలవ్వాలి. ఎక్సెల్‌లో అంకెల పట్టిక ఏ వరుసలో ఉంటే పేర్పు కూడా అదే వరుసలో వస్తుంది. మొదటి వరుస అడుగుకు పోతుంది. పట్టికలో పార్టీలు అక్షరక్రమంలో ఉంటే జనసేనకూ తెలుగుదేశానికీ మధ్యలోకి ఇంకో పార్టీ దూరవచ్చు. అప్పుడు కూటమి ముక్కలు విడిపోతాయి, 88 గీతకు అర్థమే పోతుంది. కాబట్టి గీయడానికి ముందే పట్టికలో వరుస మార్చుకోవాలి. తెలుగుదేశం, జనసేన, బీజేపీ, ఇతరులు, వైఎస్సార్ కాంగ్రెస్. ఇదీ ఈ కథకు సరిపోయే వరుస.

ఆఖర్న వైఎస్సార్ కాంగ్రెస్‌ను పెట్టడానికి కారణముంది. మూడు ఎన్నికల్లోనూ మొత్తం 175 మారలేదు కాబట్టి మూడు కమ్మీల ఎత్తూ ఒకటే. అంటే అడుగున ఒక సమతలం ఉన్నట్టే, నెత్తిన కూడా ఒక సమతలం ఉంది. నెత్తి నుంచి కిందికి వేలాడే ముక్కను పోల్చడం కూడా కంటికి సులువే. 67, 151, 11 అన్న ఊగిసలాట అక్కడ చక్కగా కనిపిస్తుంది. మొత్తం మారని దొంతరలో ఇలా రెండు చోట్లు దొరుకుతాయి, అడుగొకటి, నెత్తొకటి. అన్నిటికంటే ముఖ్యమైన రెండు భాగాలను ఆ రెండు చోట్లా ఉంచి, తక్కినవాటిని నడుమకు తోయాలి. నడుమ పడ్డవాటి గురించి ఆ బొమ్మ ఏమీ చెప్పదని ముందే ఒప్పుకోవాలి. జనసేన ఒకటి నుంచి 21కి పెరిగిన సంగతి చెప్పడమే మీ కథ అయితే, ఈ బొమ్మ మీకు పనికిరాదు.

2019 విషయంలో ఒక జాగ్రత్త. ఆ ఏడు తెలుగుదేశం, జనసేన, బీజేపీ విడివిడిగా పోటీ చేశాయి. వాటి ముక్కలు ఒకదాని మీద ఒకటి ఉన్నంత మాత్రాన పాఠకుడు వాటిని కూటమిగా చదివే ప్రమాదముంది. 2024 కమ్మీ పక్కన మాత్రమే కూటమి అని రాసి, మూడు ముక్కలకూ కలిపి ఒక బ్రాకెట్టు గీస్తే ఆ చిక్కు తీరుతుంది.

తిరిగి తెలంగాణకు వద్దాం. అక్కడ మనం చెప్పదలచింది ఒక్కో పార్టీ రాత ఎలా మారిందన్నది, కాబట్టి జట్టు కమ్మీలే సరి అనుకున్నాం. అంతటితో పని అయిపోలేదు. జట్టును ఎలా కట్టాలి? ఎన్నికకు ఒక జట్టు కట్టి అందులో ఆరు పార్టీలను నిలపవచ్చు. పార్టీకి ఒక జట్టు కట్టి అందులో మూడు ఎన్నికలను నిలపవచ్చు. రెండింట్లోనూ అవే పద్దెనిమిది కమ్మీలు. చదువు మాత్రం వేరు. పక్కపక్కన ఉన్నవాటినే కన్ను ముందుగా పోలుస్తుంది. ఎన్నికవారీ జట్టులో 2018లో ఎవరు మొదట, ఎవరు రెండు అన్నది కనిపిస్తుంది. మజ్లిస్ మూడు కమ్మీలు మాత్రం మూడు దూరపు జట్లలో చెల్లాచెదరవుతాయి. పార్టీవారీ జట్టులో అవి భుజం భుజం కలిపి నిలబడతాయి. ఎక్సెల్‌లో Clustered Column ఎంచుకున్నాక, పైన Chart Design కింద కనిపించే Switch Row/Column నొక్కితే ఒక జట్టు పద్ధతి నుంచి ఇంకోదానికి మారుతుంది. సాఫ్ట్‌వేర్ మొదట ఇచ్చినదాన్నే అచ్చుకు పంపకుండా, ఆ మీట ఒకసారి నొక్కి రెండూ చూడండి.

రంగుల లెక్క కూడా దీనితోపాటే మారాలి. ఎన్నికవారీ జట్టులో పార్టీల రంగులు వాడటం సహజం. పార్టీవారీ జట్టులో పార్టీ పేరు కిందనే రాసి ఉంటుంది కాబట్టి రంగు ఎన్నికను చెప్పాలి. పాత ఎన్నికకు లేత రంగు, నడిమిదానికి కాస్త ముదురు, తాజాదానికి బాగా ముదురు. ఒకే రంగులో మూడు ఛాయలు. కాలం ఎటు నడుస్తుందో అప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

జట్టు కమ్మీలకు అసలు శత్రువు చోటు. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున్న పత్రిక కాలమ్ అనుకుందాం. ఆరు పార్టీలకు మూడేసి కమ్మీలు, ఒక్కోటి మూడు మిల్లీమీటర్ల వెడల్పు. 54 మిల్లీమీటర్లు అయింది. జట్ల మధ్య ఐదు ఖాళీలు, నాలుగేసి మిల్లీమీటర్లు, అవొక 20. మొత్తం 74. ఇరుకుగా సరిపోయింది. ఇది కూడా చిన్న పార్టీలను, స్వతంత్రులను ఇతరులు అన్న ఒక్క జట్టులో కలిపేసినందువల్లే. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 3, బీఎస్పీకి 2, సీపీఐకి, సీపీఎంకు, స్వతంత్రులకు ఒక్కొక్కటి వచ్చాయి. 2018లో ఫార్వర్డ్ బ్లాక్‌కు ఒకటి వచ్చింది. వీరందరినీ విడిగా నిలిపితే పదకొండు జట్లు, ముప్పై మూడు కమ్మీలు అవుతాయి. కమ్మీలకే 99 మిల్లీమీటర్లు కావాలి. కాలమ్ చాలదు. దొంతరలోనైతే మూడే కమ్మీలు.

అలాగని దొంతరే పొదుపు అనుకోకూడదు. ఎత్తు సంగతి చూడండి. బొమ్మకు పన్నెండు సెంటీమీటర్ల ఎత్తుందనుకుంటే, దొంతరలో ఆ ఎత్తులో 119 సీట్లూ పట్టాలి. సీటుకు ఒక మిల్లీమీటరు వచ్చింది. జట్టు కమ్మీల్లో అన్నిటికంటే పొడవైనది 88 మాత్రమే, కొలత గీత 90 దగ్గర ఆపేయవచ్చు. సీటుకు ఒకటింబావు మిల్లీమీటరుకు పైగా దక్కుతుంది. 2023లో సీపీఐ గెలిచిన ఒక్క సీటు దొంతరలో మిల్లీమీటరు మందం గీతగా మిగులుతుంది, దాని మీద అంకె వేయడానికి కూడా చోటుండదు.

చోటు చాలనప్పుడు మూడో దారి ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. పార్టీకి ఒక చిన్న గడి, గడిలో మూడు కమ్మీలు. మొత్తం ఆరు గడులు, మూడేసి చొప్పున రెండు వరుసల్లో. ప్రతి గడికీ పైన పార్టీ పేరు. ఒక్కో పార్టీ కథ ఒక్కో గడిలో ముగుస్తుంది, రంగుల పట్టిక వెతుక్కోనక్కర్లేదు. కానీ ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఒక దెబ్బ తీస్తుంది. విడి బొమ్మలుగా గీస్తే ఎక్సెల్ ప్రతి గడికీ దానికి తగిన కొలత తానే ఎంచుకుంటుంది. అప్పుడు మజ్లిస్ ఏడు కూడా టీఆర్ఎస్ 88 అంత పొడవుగా గడి నిండా కనిపిస్తుంది. Format Axisలో Minimum సున్నా, Maximum 90 అని అన్ని గడులకూ మనమే రాయాలి. గడులు చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా, కొలత ఒకటి కాకపోతే అవి అబద్ధం చెబుతాయి. సున్నా దగ్గర మొదలవ్వాలన్న నియమం మాత్రం దొంతరకూ, జట్టుకూ, గడులకూ దేనికైనా ఒకటే. కమ్మీ తన పొడవుతో మాట్లాడుతుంది. కింద కొంత కోసేస్తే ఆ మాట తప్పుతుంది.

ఇంతవరకు మొత్తం మారని సందర్భాలు చూశాం. మొత్తమే మారితే? తెలుగుదేశం పార్టీ 2009లో ఉమ్మడి రాష్ట్రంలో 92 సీట్లు గెలిచింది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 102 గెలిచింది. ఈ రెంటినీ జట్టు కమ్మీలుగా పక్కపక్కన పెడితే పది సీట్ల పెరుగుదల కనిపిస్తుంది. కానీ 92 వచ్చింది 294లో, 102 వచ్చింది 175లో. శాతాల్లోకి మారిస్తే 31 నుంచి 58కి దూకినట్టు. అంకెలు చెప్పే కథకూ శాతాలు చెప్పే కథకూ పొంతనే లేదు. మొత్తాలు వేరైనప్పుడు 100 శాతం దొంతర గీయాలని పుస్తకాలు చెబుతాయి. ఎక్సెల్‌లో దాని పేరు 100% Stacked Column. అన్ని కమ్మీలనూ ఒకే ఎత్తుకు సాగదీసి, వాటాలను మాత్రమే చూపుతుంది.

ఇక్కడ ఆ సలహా పాటించినా తప్పే. 2014 ఎన్నికలు జరిగేనాటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. పోలింగ్ ఏప్రిల్, మే నెలల్లో జరిగింది, ఫలితాలు మే 16న వచ్చాయి, రెండు రాష్ట్రాలు ఏర్పడింది జూన్ 2న. 2009లో ఉన్న ఆ 294 నియోజకవర్గాలే 2014లోనూ ఉన్నాయి. వాటిలో తెలుగుదేశం ఆంధ్ర వైపు 102, తెలంగాణ వైపు 15, కలిపి 117 గెలిచింది. కాబట్టి సరైన పోలిక 92 నుంచి 117కి, వాటాలో చూస్తే 31 శాతం నుంచి దాదాపు 40 శాతానికి. పది సీట్ల పెరుగుదలా నిజం కాదు, రెట్టింపు వాటా అన్నదీ నిజం కాదు. ఏ బొమ్మ గీయాలన్న ప్రశ్న కంటే ముందు, ఏది మొత్తం అన్న ప్రశ్న తేలాలి. దొంతరలోని రెండు కమ్మీలు ఒకే నేలకు, ఒకే జనానికి చెందినవి కానప్పుడు వాటిని ఒకే ఎత్తుకు సాగదీయడం ఆ తేడాను కప్పిపెట్టడమే అవుతుంది. శాతాల దొంతర గీయక తప్పనప్పుడు ప్రతి కమ్మీ కిందా అసలు మొత్తం ఎంతో రాయాలి. 175లో, 119లో, 294లో అని. చిన్న పనే, కానీ చాలా బొమ్మల్లో ఇది కనిపించదు.

ఇదే దారిలో ఇంకో మాట. భాగాలు కానివాటిని దొంతర పేర్చడం మరీ పెద్ద తప్పు. ఇళ్లలో టీవీ ఉన్నవి ఇన్ని, ఫోను ఉన్నవి ఇన్ని, బైకు ఉన్నవి ఇన్ని అన్న సమాచారం ఉందనుకోండి. ఒకే ఇంట్లో మూడూ ఉండవచ్చు. వాటిని పేర్చితే వచ్చే ఎత్తుకు అర్థం లేదు, శాతాలైతే వంద దాటిపోతాయి. అలాంటి సమాచారానికి జట్టు కమ్మీలు తప్ప దారి లేదు. అంకెలన్నీ కూడి, మొత్తానికి సరిపోయాయో లేదో చూసుకుంటే ఈ తప్పు గీయకముందే దొరికిపోతుంది. తెలంగాణ 2018 అంకెలు కూడండి: 88, 19, 7, 2, 1, ఇతరులు 2. సరిగ్గా 119.

అవే అంకెలతో రెండు రకాల బొమ్మలూ న్యాయంగా గీయగల సందర్భం ఒకటి చూద్దాం. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పార్టీలకు వచ్చిన ఓట్ల వాటా, సీట్ల వాటా. తెలుగుదేశానికి ఓట్లలో 45.6 శాతం, సీట్లలో 77. వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఓట్లలో సుమారు 39, సీట్లలో 6. జనసేనకు ఓట్లలో సుమారు 7, సీట్లలో 12. బీజేపీకి ఓట్లలో 3కు కాస్త తక్కువ, సీట్లలో 4.6.

ఓట్లు ఎంత వస్తే సీట్లు ఎంత వచ్చాయి అన్నది పార్టీ పార్టీకీ చెప్పాలంటే జట్టు కమ్మీలు గీయాలి. పార్టీకి రెండే కమ్మీలు, ఒకటి ఓట్లు, ఒకటి సీట్లు. వైఎస్సార్ కాంగ్రెస్ దగ్గర పొడవాటి కమ్మీ పక్కన పొట్టిది, తెలుగుదేశం దగ్గర దానికి తిరగబడిన జత. నాలుగు పార్టీలు, ఇతరులు కలిపి పది కమ్మీలే కాబట్టి చోటుకు ఇబ్బంది లేదు. కమ్మీలను నిలువుగా కాక అడ్డంగా పడుకోబెడితే ఇంకా మేలు. వైఎస్సార్ కాంగ్రెస్ వంటి పొడవాటి పేరు నిలువు కమ్మీ కింద పట్టక వాలిపోతుంది, లేదా రెండు ముక్కలవుతుంది. అడ్డ కమ్మీకి ఎడమవైపు ఆ పేరు హాయిగా చదవగలిగేలా పడుతుంది. ఎక్సెల్‌లో అడ్డంగా గీసినప్పుడు పట్టికలో మొదటిది అడుగుకు పోతుంది కాబట్టి, Format Axisలో Categories in reverse order దగ్గర టిక్కు పెట్టాలి.

కూటమి సంగతి చెప్పాలంటే అదే సమాచారానికి దొంతర సరిపోతుంది. రెండే కమ్మీలు, రెండూ వంద శాతానివే, ఒకటి ఓట్లది, ఒకటి సీట్లది. అడుగున తెలుగుదేశం, జనసేన, బీజేపీ, నడుమ ఇతరులు, నెత్తిన వైఎస్సార్ కాంగ్రెస్. కూటమి పైఅంచు ఓట్లలో 55 దగ్గర, సీట్లలో దాదాపు 94 దగ్గర ఉంటుంది. ఒక కమ్మీ అంచు నుంచి ఇంకో కమ్మీ అంచుకు సన్నని గీత కలిపితే ఆ ఏటవాలే విషయం చెబుతుంది.

గీశాక ఒక పరీక్ష పెట్టండి. కమ్మీల మీద వేసిన అంకెలన్నీ కాగితంతో కప్పేసి, ఆ వార్త రాయని సహోద్యోగికి చూపండి. మీరు చెప్పదలచిన మాట ఆయన నోటి నుంచి వస్తే బొమ్మ పనిచేస్తున్నట్టు. అంకెలు తెరిస్తే తప్ప ఏమీ చెప్పలేకపోతే, ఆయన చదివేది బొమ్మను కాదు, అంకెలను. అలాంటప్పుడు రంగులన్నీ తీసేసి, ఆ అంకెలను నాలుగు వరుసల పట్టికగా ముద్రించడం పాఠకుడికి చేసే మేలు.

ఈ ఓట్లు–సీట్ల బొమ్మలో జట్టు గీసినా, దొంతర గీసినా ఒక సంగతి మాత్రం బయటపడదు. ఏడు శాతం ఓట్లతో జనసేనకు పన్నెండు శాతం సీట్లు ఎలా వచ్చాయన్నది. ఆ పార్టీ రాష్ట్రమంతటా పోటీ చేయలేదు. పొత్తులో తన వంతుకు వచ్చిన 21 చోట్ల మాత్రమే నిలబడి, 21 గెలిచింది. తెలుగుదేశం నిలబడింది 144 చోట్ల, బీజేపీ 10 చోట్ల. ఇది తెలియని పాఠకుడు ఆ రెండు కమ్మీలను చూసి తప్పు కారణం ఊహించుకుంటాడు. కాబట్టి ఎవరు ఎన్ని చోట్ల పోటీ చేశారన్న ఒక్క వాక్యాన్ని, ఏ రూపంలో గీసినా సరే, బొమ్మ కిందనే అచ్చు వేయాలి.